ఒక స్టార్ రివ్యూకి నేను రాసిన మూడు రిప్లైలు: మా డెంటల్ క్లినిక్ కేస్ స్టడీ

ఇది మా క్లినిక్‌లోనే జరిగింది. గుంటూరు పక్క ఒక ఊళ్లో రెండు కుర్చీల డెంటల్ క్లినిక్ నాది, నేనూ ఇంకో జూనియర్ డాక్టరూ, ఒక అసిస్టెంటూ, రిసెప్షన్‌లో ఒక అమ్మాయీ. ఇందులో ఉన్న పెద్దావిడనీ వాళ్లబ్బాయినీ అడిగి, ఇద్దరూ సరేనన్నాకే రాస్తున్నాను. అయినా తేదీలూ ఇంటి విషయాలూ కొన్ని మార్చాను, ఎందుకంటే మా ఊళ్లో ఎవరి పన్ను ఎక్కడ పీకారో కూడా పక్క వీధికి తెలుస్తుంది.

ఆదివారం రాత్రి పదింటికి రిసెప్షన్ అమ్మాయి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టింది. గూగుల్ మ్యాప్స్‌లో మా క్లినిక్ కింద ఒక స్టార్ రివ్యూ. చాటింగ్‌లో రాసినట్టు ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఉంది. సారాంశం ఇది: మా అమ్మకి ఇక్కడ రూట్ కెనాల్ చేయించాం, ఆరు వేలు తీసుకున్నారు, రెండు నెలలు తిరక్కుండానే పన్ను విరిగింది, నొప్పి అని ఫోన్ చేస్తే తిరిగి ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు, వెళ్తే గంటకు పైగా కూర్చోబెట్టారు, ఆవిడ ఇక లేచి వచ్చేసింది, వీళ్లకి డబ్బు తప్ప ఏమీ అక్కర్లేదు, ఎవరూ వెళ్లకండి.

పేరు చూడగానే ఎవరో అర్థమైంది. ఇంటిపేరుతో సహా ఉంది, ఫొటో కూడా ఉంది. కేసు కూడా వెంటనే గుర్తొచ్చింది. అసలు సమస్య అక్కడే మొదలైంది, ఎందుకంటే గుర్తొచ్చిన వెంటనే నాకు నా వాదన కూడా గుర్తొచ్చింది.

రూట్ కెనాల్ చేసిన దవడ పన్నుకి క్యాప్ వేయించుకోవాలి. లోపల ఖాళీ చేసి నింపిన పన్ను పైగోడలు పల్చగా మిగులుతాయి, గట్టిది కొరికితే నిలువునా చీలే అవకాశం ఉంటుంది. ఆవిడకి ఆ మాట రెండుసార్లు చెప్పాను. ఆవిడ క్యాప్ వద్దన్నారు. నా దగ్గర కేస్ షీట్ ఉంది, అందులో నా చేతిరాతతో "క్యాప్ సలహా ఇచ్చాను, తర్వాత చూస్తానన్నారు" అని ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఫోన్‌లో కూర్చుని ఇలా టైపు చేశాను:

"మీ అమ్మగారికి చికిత్స సరిగ్గానే జరిగింది. క్యాప్ తప్పనిసరి అని రెండుసార్లు చెప్పినా ఆవిడే వద్దన్నారు. మా దగ్గర రికార్డు ఉంది. నిజం తెలుసుకోకుండా ఇలా రాయడం తగదు."

చదువుకుంటే చాలా బాగుంది. నిజమే, ప్రతి మాటా నిజమే. గ్రూపులో పెడితే మా అసిస్టెంట్ చప్పట్ల బొమ్మలు పెట్టాడు. పంపే ముందు ఎందుకో కేస్ షీట్ మళ్లీ ఒకసారి చూద్దామని, మేడ మీది ఇంట్లోంచి కింద క్లినిక్‌లోకి దిగి ఫైలు తీశాను. నేను గుర్తుపెట్టుకున్న వాక్యం కింద ఇంకో వాక్యం ఉంది, అదీ నా రాతే: "ఇంట్లో చెప్పొద్దన్నారు."

అప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది. కోడలికి నెలలు నిండుతున్నాయి, ఆస్పత్రి ఖర్చు ఉంటుంది, ఇప్పుడు నా పన్నుకి ఇంకో నాలుగైదు వేలు అంటే అబ్బాయి ఎక్కడో అప్పు చేస్తాడు, క్యాప్ సంగతి వాడికి తెలియనివ్వకండి అని ఆవిడ కుర్చీలో కూర్చునే చెప్పారు. అంటే ఆ అబ్బాయికి క్యాప్ అనే మాటే తెలియదు. అతని కోపం అతనికి తెలిసినంతవరకు న్యాయమే. నా రిప్లై పంపి ఉంటే, తల్లి కొడుకు దగ్గర దాచిన విషయాన్ని నేను ఊరందరి ముందు ఆ కొడుక్కే చెప్పినట్టయ్యేది.

చాలామంది డాక్టర్లు ఇక్కడ ఒక మాట అంటారు, నేనూ అన్నవాణ్ణే: వాళ్లే బయటపెట్టుకున్నారుగా, ఇంకా మనం దాచేదేముంది అని. రోగి తన విషయం తాను చెప్పుకోవచ్చు, అది ఆయన ఇష్టం. దానివల్ల డాక్టరు నోటికున్న తాళం ఊడిపోదు. పైగా ఇక్కడ రాసింది రోగి కూడా కాదు, కొడుకు. ఎంబీబీఎస్ డాక్టర్లకి 2002 నాటి మెడికల్ కౌన్సిల్ ఎథిక్స్ రెగ్యులేషన్స్‌లో 7.14 అని ఒక నిబంధన ఉంది, వృత్తిలో తెలిసిన రోగి రహస్యాలు బయటపెట్టకూడదని. మినహాయింపులు కొన్నే: కోర్టులో జడ్జి ఆదేశిస్తే, ఒక ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం ఉంటే, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బయితే. "నా మీద చెడ్డ రివ్యూ రాస్తే" అన్నది ఆ మినహాయింపుల్లో లేదు. మా డెంటిస్టులకి 2014 నాటి కోడ్ ఆఫ్ ఎథిక్స్ వేరే ఉంది, గోప్యత బాధ్యత మాకూ తప్పదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు, అక్కడ రోగుల గోప్యతని కాపాడే హిపా చట్టం కింద డబ్బులు కట్టాల్సి వస్తుంది. నార్త్ కరొలైనాలో ఒక డెంటల్ ప్రాక్టీసు మీద 2022లో 50,000 డాలర్ల పెనాల్టీ వేశారు. మారుపేరుతో రాసిన రోగికి జవాబిస్తూ ఆ రోగి అసలు పేరూ చికిత్స వివరాలూ అందులో రాసేశారు. అక్కడ చికిత్స సరైనదా కాదా అన్నది విషయమే కాలేదు. రిప్లైలో ఏం బయటపెట్టారన్నదే విషయం.

సరే, మొదటి రిప్లై చెరిపేశాను. రాత్రి పదకొండు దాటింది, నిద్ర పట్టదని తెలుసు, ఏదో ఒకటి పెట్టేసి పడుకుందామని రెండోది రాశాను. ఇది పెట్టేశాను కూడా:

"నమస్కారం. మీ అమ్మగారికి మా దగ్గర ఇలాంటి అనుభవం ఎదురైనందుకు చాలా బాధగా ఉంది. దయచేసి ఒకసారి క్లినిక్‌కి రండి, మాట్లాడుకుందాం."

మర్యాదగా ఉంది, గొడవ లేదు, చికిత్స ఊసు లేదు. ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. పొద్దున కాఫీ తాగుతూ చూస్తే తప్పు కనిపించింది. "మీ అమ్మగారికి మా దగ్గర" అన్న నాలుగు మాటల్లో ఆవిడ మా పేషెంటు అని క్లినిక్ తరఫున నేనే ధ్రువీకరించాను. అప్పటిదాకా అది ఒకాయన ఇంటర్నెట్‌లో రాసిన మాట మాత్రమే. అతను చెప్పినదాన్ని నేను అవునంటే అది వేరే. దంతాల క్లినిక్కే కదా, ఇందులో సిగ్గుపడే జబ్బేముంది అంటారేమో. మా వీధి చివర చర్మవ్యాధుల డాక్టరు ఉన్నారు, ఎదురుగా సంతాన సాఫల్య కేంద్రం ఉంది. అక్కడ ఇదే వాక్యం పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. అలవాటు అందరికీ ఒకటే ఉండాలి.

మార్కెటింగ్ వాళ్లు నెలకింత తీసుకుని రాసిపెట్టే రిప్లైలన్నీ దాదాపు ఇదే అచ్చు. "మీరు మా క్లినిక్‌ని సందర్శించినందుకు ధన్యవాదాలు, మీ అనుభవానికి చింతిస్తున్నాం." హోటల్‌కి బాగుంటుంది. బిర్యానీ తిన్నావని చెబితే ఎవరికీ నష్టం లేదు.

అప్పుడు నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఈ రివ్యూ రాసిన మనిషి జీవితంలో మా గుమ్మం తొక్కలేదనుకుందాం, పొరపాటున వేరే క్లినిక్ అనుకుని మా కింద రాశాడనుకుందాం. నా రిప్లై అప్పుడు కూడా ఒక్క అక్షరం మార్చకుండా సరిపోవాలి. సరిపోకపోతే అందులో ఎక్కడో నేను ఏదో ఒప్పేసుకున్నట్టే. మొదటి రిప్లై ఈ పరీక్షలో అడుగడుగునా పడిపోతుంది. రెండోది ఆ నాలుగు మాటల దగ్గర పడిపోతుంది.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి రెండోదాన్ని ఎడిట్ చేసి మూడోది పెట్టాను. గూగుల్‌లో యజమాని రిప్లైని తర్వాత మార్చుకోవచ్చు, బయటికి కొత్తదే కనిపిస్తుంది. కానీ రిప్లై ఇచ్చినట్టు రివ్యూ రాసినవాళ్లకి ముందే నోటిఫికేషన్ వెళ్లిపోతుంది, కాబట్టి రాత్రిపూట పెట్టి పొద్దున దిద్దుకుంటాను అనే ధైర్యం పనికిరాదు. ఆ అబ్బాయి నా రెండో రిప్లై చూశాడని తర్వాత తెలిసింది. మూడోది ఇది:

"నమస్కారం. మీరు రాసింది మొత్తం చదివాను. మా దగ్గర ఎవరు చూపించుకున్నారు, ఎవరు చూపించుకోలేదు అన్నది కూడా మేం బయట చెప్పం, అందుకే చికిత్స విషయాలు ఇక్కడ మాట్లాడలేను, దాన్ని మీ మాట పట్టించుకోకపోవడం అనుకోవద్దు. నొప్పితో ఫోన్ చేసినవాళ్లకి ఆ రోజే తిరిగి ఫోన్ వెళ్లాలి. సాయంత్రం రద్దీలో మా దగ్గర అది అన్నిసార్లూ జరగడం లేదు, అది మా లోపమే, ఈ రోజు నుంచి ఒక మనిషికి ఆ పని అప్పగించాను. మీరు మాట్లాడాలనుకుంటే క్లినిక్ నంబరుకి మధ్యాహ్నం 2 నుంచి 4 లోపు చేయండి, ఆ టైంలో ఫోన్ నేనే ఎత్తుతాను."

కింద నా పేరు, క్లినిక్ యజమాని అని.

ఇందులో ఒక్కో వాక్యం ఎందుకుందో చెబుతాను. మొదట నియమం చెప్పాను, కారణంతో సహా. ఊరికే "వివరాలు చెప్పలేం" అంటే తప్పించుకుంటున్నట్టుంటుంది. వచ్చారా రాలేదా అన్నది కూడా చెప్పం అంటే, చదివే మూడో మనిషికి, రేపు వద్దామా అనుకుంటున్నవాళ్లకి, విషయం అర్థమవుతుంది.

తర్వాతది ఫోన్ సంగతి. దీనిమీద నేను చాలాసేపు ఆలోచించాను. నేను ఒప్పుకున్నది మా క్లినిక్ సాయంత్రాలు ఎలా నడుస్తోందో, అది ఎవరొచ్చినా రాకపోయినా నిజమే. "మీకు ఫోన్ చేయనందుకు" అని రాస్తే ఆ మనిషి గురించి రాసినట్టు. "ఫోన్లు వెళ్లడం లేదు" అంటే నా గురించి రాసినట్టు. చికిత్స గురించి నేను క్షమాపణా చెప్పలేదు, సమర్థించుకోనూ లేదు. రోగులు కేసు వేస్తే ఆదుకునే బీమా, అంటే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ తీసుకున్నవాళ్లు ఆ కాగితాలు ఒకసారి తీసి చూడండి, మమ్మల్ని అడక్కుండా తప్పు ఒప్పుకోవద్దనే షరతు మామూలుగా ఉంటుంది. సుప్రీంకోర్టు 1995లోనే డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పింది కాబట్టి, విషయం వినియోగదారుల కమిషన్ దాకా వెళితే మన రిప్లై ప్రింటు అవతలి లాయరు ఫైల్లో ఉంటుంది. ఫోన్ల గురించి ఒప్పుకున్నందుకు నాకు భయం లేదు. అది నిజంగానే మా తప్పు.

ఆ తప్పు ఎంత నిజమో చూద్దామని ఆదివారం రాత్రే రిసెప్షన్ ఫోన్ కాల్ లిస్టు చూశాను. ఆవిడ గురువారం సాయంత్రం 6:10కి చేశారు, నిమిషంన్నర మాట్లాడారు, మన ఫోన్ నుంచి తిరిగి వెళ్లిన కాల్ లేదు. శుక్రవారం ఆవిడ వచ్చినప్పుడు నేను ఒక జ్ఞానదంతం తీస్తూ ఇరుక్కుపోయాను, అది గంట పట్టింది, ఎవరూ బయటికెళ్లి ఆవిడకి ఆ మాట చెప్పలేదు. రివ్యూలో అతను రాసిన ఆరోపణల్లో ఈ రెండూ అక్షరాలా నిజం. నా మొదటి రిప్లైలో ఈ రెండింటి గురించి ఒక్క ముక్క లేదు.

చివరి వాక్యం, ఫోన్ టైం. "మమ్మల్ని సంప్రదించండి" అని ఊరికే రాస్తే, అవతలివాళ్లు చేసి మళ్లీ అదే రిసెప్షన్‌లో ఇరుక్కుంటారు. టైం ఇస్తే నేను కట్టుబడాలి. ఆ వారమంతా 2 నుంచి 4 దాకా ఫోన్ జేబులోనే పెట్టుకున్నాను, రిప్లైలో రాశాక ఎత్తకపోతే రెండో రివ్యూ రావడం ఖాయం.

స్టాఫ్ చెప్పిన మిగతా ఉపాయాలు కూడా రాయాలి, ప్రతి క్లినిక్‌లోనూ ఇవే వస్తాయి. రిపోర్ట్ కొడదాం అన్నారు. స్పామ్, బూతులు, పోటీవాళ్లు పెట్టినవి అలాంటివాటికే అది పనికొస్తుంది, మనకి నచ్చలేదని, మన లెక్కలో నిజం కాదని గూగుల్ తీయదు. మా బావమరిది ఆఫీసు వాళ్లతో ఐదు స్టార్లు పదిహేను వేయిస్తానన్నాడు, వద్దన్నాను. మా జూనియర్ డాక్టరు, ఆరు వేలు తిరిగిచ్చేస్తే రివ్యూ తీసేస్తాడు కదా సార్ అంది. చెడ్డ రివ్యూ తీయించడానికి డబ్బో డిస్కౌంటో ఇవ్వడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం, అది పక్కన పెట్టినా ఆ బేరం ఒక్క స్క్రీన్‌షాట్ దూరంలో ఉంటుంది.

మంగళవారం మధ్యాహ్నం 2:20కి ఫోన్ వచ్చింది. గొంతు ఇంకా వేడిగానే ఉంది.

"రాత్రి ఒకటి పెట్టారు, పొద్దున మార్చేశారు. లాయర్‌ని అడిగి మార్చారా?"

"లేదండీ, నేనే తప్పు రాశాను, దిద్దుకున్నాను."

"మా అమ్మ పన్ను ఎందుకు విరిగిందో చెప్పండి."

"ఎవరి వైద్యం గురించైనా వాళ్లు చెప్పమంటేనే చెబుతానండీ, ఇంట్లోవాళ్లకైనా సరే. అమ్మగారిని తీసుకుని రేపు పొద్దున పదింటికి రండి, వేరే ఎవరికీ ఆ టైం ఇవ్వను."

"కొడుకుని, నాకు కూడా చెప్పరా?"

ఇక్కడ నాకు చెప్పేయాలనిపించింది, నిజంగా. ఒక్క మాటతో అతని గొంతు దిగిపోయేది. చెప్పలేదు. అతను విసురుగా పెట్టేశాడు. రాడేమో అనుకున్నాను.

బుధవారం పదిన్నరకి ఇద్దరూ వచ్చారు. ముందు ఆవిడని ఒక్కరినే లోపలికి పిలిచాను. పన్ను చూశాను, నాలుక వైపు గోడ ఒకటి ఊడిపోయింది, చేగోడీ కొరికారట. మిగతాది చిగురు పైనే ఉంది, నిలబెట్టుకోవచ్చు. చూడటం అయ్యాక తలుపు వేసే ఉంది కాబట్టి అడిగాను, "మీ అబ్బాయికి ఎంతవరకు చెప్పమంటారమ్మా?" అని. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కాసేపు తలుపు వైపు చూశారు. "పన్ను సంగతి మీరు చెప్పండి డాక్టర్ గారూ. క్యాప్ సంగతి నేను చెబుతాలే ఇంటికెళ్లి." ఆ మాటే కేస్ షీట్‌లో రాసి తేదీ వేసి ఈసారి సంతకం పెట్టించుకున్నాను. మొదటిసారి ఆ పని చేయలేదని అప్పుడే అర్థమైంది. "మా దగ్గర రికార్డు ఉంది" అని నేను గొప్పగా రాయబోయిన రికార్డులో రోగి సంతకమే లేదు.

అబ్బాయిని పిలిచి ఆవిడ ఎదురుగా పన్ను చూపించాను, గోడ ఎక్కడ విరిగిందో, ఇప్పుడేం చేయొచ్చో, ఎంతవుతుందో చెప్పాను. ఎందుకు విరిగిందని మళ్లీ అడిగాడు. అది అమ్మగారు చెబుతారండీ అన్నాను. అతను ఆవిడ వైపు చూశాడు, ఆవిడ చెప్పుల వైపు చూశారు. ఆ గురువారం ఫోన్ చేయనందుకూ, శుక్రవారం బయట కూర్చోబెట్టినందుకూ అక్కడ, ఆ గదిలో, ఇద్దరికీ విడిగా క్షమాపణ చెప్పాను. బయట రాయకూడనిది అక్కడ చెప్పొచ్చు.

క్యాప్‌కి డబ్బు మూడు నెలల్లో ఇచ్చేలా సర్దుబాటు చేశాం, అది అడిగిన ఎవరికైనా చేస్తాం. రివ్యూ గురించి నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. నెల తర్వాత చూస్తే ఒక స్టార్ మూడయింది, కింద ఒక లైను చేర్చాడు: "డాక్టర్ మాట్లాడారు. వెయిటింగ్ మాత్రం ఉంటుంది, చూసుకుని వెళ్లండి." నా రిప్లైని మార్చలేదు. "ధన్యవాదాలు, మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం" అని చేర్చమని స్టాఫ్ అన్నారు. అది రాస్తే మళ్లీ ఆవిడ మా పేషెంటని చెప్పినట్టే కదా.

రిసెప్షన్‌లో ఇప్పుడు ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. నొప్పి అని ఎవరు ఫోన్ చేసినా టైం, పేరు, తిరిగి చేసిన టైం రాయాలి. రాత్రి తాళం వేసే ముందు నేను చూస్తాను. మొన్న బుధవారం ఒక పేరుకి ఎదురుగా ఖాళీ ఉంది. తొమ్మిదిన్నరయింది, నేనే చేశాను. అవతల పెద్దాయన ఎత్తి, నొప్పి ఎనిమిదింటికే తగ్గిందయ్యా, లవంగం పెట్టుకున్నాను, నిద్రపోతున్నవాణ్ణి లేపావు అని విసుక్కున్నారు. నోటుబుక్కులో 9:32 అని రాసి తాళం వేశాను.